ఎరుపూ ఆకుపచ్చా కలిపితే ఏ రంగు?

చెన్నైలో, కోడంబాక్కంలో సిరి వాళ్ళ ఇల్లు. హాలంతా దసరా హడావుడి.

అమ్మ ఏడు మెట్లు కట్టి, మీద తెల్ల పంచె పరిచింది. అట్టపెట్టెలోంచి బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. దశావతారాలు వచ్చాయి. చెట్టియారు దంపతులు వచ్చారు. పెళ్ళి ఊరేగింపు వచ్చింది, సన్నాయి వాయించే ఆయన మాత్రం ఎక్కడో తప్పిపోయాడు.

అడుగున మట్టి చిలక ఉంది. మైలాపూర్ మాడ వీధిలో ఎప్పుడో కొన్నది. పాపం, రంగంతా పెచ్చులూడిపోయింది. పక్కనే మట్టి మామిడిపండు. దాని పరిస్థితీ అంతే.

"చిలక్కి నేను రంగేస్తా," అంది సిరి.

"అయితే పండు నాది," అన్నాడు తమ్ముడు చింటూ.

ఆకుపచ్చ రంగు సీసా తీస్తే అడుగంటి ఎండిపోయి ఉంది. సిరి కంగారుపడలేదు. గిన్నెలో పసుపు రంగు పోసింది. అందులో నీలం కలిపింది. కొంచెం. ఇంకొంచెం. కుంచెతో గిరగిరా తిప్పింది.

ఆకుపచ్చ వచ్చేసింది!

చిలక ఒళ్ళంతా నిగనిగలాడింది. ముక్కుకి మాత్రం ఎరుపు.

ఇప్పుడు చింటూ వంతు. పసుపు సీసా బోర్లించాడు. ఒక్క చుక్క కూడా రాలేదు. అంతా అక్కే వాడేసింది!

చింటూ మూతి ముడుచుకున్నాడు. కుర్చీలో పేపరు చదువుతున్న తాతయ్య తల ఎత్తకుండానే అన్నాడు:

"దానికేం టెన్షన్ రా? ఎరుపూ ఆకుపచ్చా కలిపితే పసుపు వస్తుంది. స్టూడియోలో నా కళ్ళతో చూశాను."

చింటూ ఎరుపు పోశాడు. అక్క గిన్నెలో మిగిలిన ఆకుపచ్చ పోశాడు. తిప్పాడు. బాగా తిప్పాడు.

"తాతయ్యా! ఇది బురద!"

తాతయ్య పేపరు కింద పెట్టి గిన్నెలోకి చూశాడు. మీసాల చాటున నవ్వాడు.

"ఓరి నీ! నేను చెప్పింది లైట్ల సంగతి. నువ్వు కలిపింది సీసాలో రంగులు. ఆ కథ వేరు, ఈ కథ వేరు."

*

తాతయ్య ఒకప్పుడు సినిమా లైట్‌మన్. వడపళని స్టూడియోల్లో మనిషంత ఎత్తు లైట్లు మోశాడు. పాటల్లో ఆకాశం ఎర్రబడాలన్నా, వెన్నెల నీలంగా కురవాలన్నా లైటు ముందు రంగు కాగితం తగిలించేది తాతయ్యే. వాటిని జిలెటిన్ కాగితాలు అంటారు. పల్చగా, అద్దంలా అవతలిది కనిపించేలా ఉంటాయి. అంత పెద్ద లైటుకి వాటిని దేనితో పట్టించేవాళ్ళో తెలుసా? బట్టలారేసే చెక్క క్లిప్పులతో!

మంచం కింద ట్రంకు పెట్టెలో ఇంకా కొన్ని ముక్కలున్నాయి. ఎర్రది, ఆకుపచ్చది, నీలంది.

తాతయ్య తలుపులు మూసి, లైటు ఆర్పాడు. సిరి చేతిలో ఒక టార్చి. దాని మూతికి ఎర్ర కాగితం. చింటూ చేతిలో ఇంకో టార్చి. దానికి ఆకుపచ్చ కాగితం.

తెల్లగోడ మీద ఎర్రటి సున్నా పడింది. దూరంగా ఆకుపచ్చ సున్నా పడింది.

"దగ్గరికి జరపండి. ఇంకా. ఒకదాని మీద ఒకటి ఎక్కించండి."

రెండు సున్నాలూ కలిసిన చోట...

పసుపు!

సిరి తన టార్చిని గోడకి కాస్త దగ్గరగా తెచ్చింది. ఎరుపు ఎక్కువై పసుపు కాస్తా నారింజ రంగయింది. వెనక్కి జరిగితే మళ్ళీ పసుపు. ఇంకా వెనక్కి జరిగితే లేత చిగురాకు రంగు.

చింటూ ఊరుకుంటాడా? గోడకీ టార్చిలకీ మధ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

గోడ మీద రెండు నీడలు పడ్డాయి. నల్లగా కాదు! ఒకటి ఎర్ర నీడ, ఒకటి ఆకుపచ్చ నీడ. చుట్టూ అంతా పసుపు.

"నీడకి రంగేంటి?" అని చింటూ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చేతికేమైనా అంటుకుందేమోనని తిప్పి చూసుకున్నాడు కూడా.

నువ్వు కూడా ఆలోచించు. ఎర్ర టార్చి వెలుగుని చెయ్యి ఆపేసిన చోటికి ఇంకేం వెలుగు చేరుతుంది? ఆకుపచ్చది ఒక్కటే. అందుకే అక్కడ ఆకుపచ్చ నీడ. ఆకుపచ్చ వెలుగుని ఆపిన చోట ఎర్ర నీడ. రెండూ చేరిన చోటే పసుపు.

"మరి గోడ మీద పసుపు ఎవరు పూశారు?" అంది సిరి.

"ఎవరూ పూయలేదమ్మా. అది తయారైంది నీ కంట్లో."

*

మన కంటి లోపల, వెనక గోడ మీద, కంటికి కనపడనంత చిన్న కణాలుంటాయి. కోట్లల్లో ఉంటాయి. రంగులు చూసే కణాల్లో మూడు రకాలున్నాయి. ఒక రకం ఎరుపు వైపు వెలుగుకి బాగా స్పందిస్తుంది. ఇంకో రకం ఆకుపచ్చకి. మూడోది నీలానికి.

ఎర్ర వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిసి వస్తే మొదటి రెండు రకాలూ ఒకేసారి "నాకు తగిలింది, నాకూ తగిలింది" అంటాయి. మెదడు ఆ రెండు కబుర్లూ విని "అయితే ఇది పసుపు" అని తేల్చేస్తుంది. పాతకాలం సోడియం వీధి దీపంలోంచి అచ్చమైన పసుపు వెలుగే వచ్చేది. అది కంట్లో పడినా ఆ రెండు రకాలే కబురు పంపుతాయి. అది వేరు, ఇది వేరు అని కన్ను కనిపెట్టలేదు.

తాతయ్య మూడో టార్చికి నీలం కాగితం తగిలించాడు. నీలం కాగితం లోంచి వెలుగు తక్కువ వస్తుంది కాబట్టి దాన్ని గోడకి బాగా దగ్గరగా పట్టుకున్నాడు. మూడు సున్నాలూ కలిసిన నడిమధ్య...

తెలుపు!

వెలుగు మీద వెలుగు పడుతూ ఉంటే వెలుగు పెరుగుతుంది. అందుకే చివరికి తెలుపు వరకూ వెళ్తుంది. 1861లో లండన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త ఇదే పని చేశాడు. ఒక గళ్ళ రిబ్బనుని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు ద్రవాల్లోంచి విడివిడిగా ఫొటోలు తీయించాడు. వాటిని అవే రంగుల వెలుగుల్లో తెర మీద ఒకదానిపై ఒకటి వేసి, రంగుల బొమ్మ చూపించాడు.

అమ్మ ఫోను తెరలో జరిగేదీ అంతే. ఫోనులో తెల్ల బొమ్మ పెట్టి, తెర మీద చిన్న నీటి చుక్క వేసి చూడు. (అమ్మనడిగి వెయ్యి. చాలా చిన్న చుక్క.) చుక్క లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. పసుపు చుక్క ఎంత వెతికినా దొరకదు.

*

"మరి నా గిన్నెలో బురదెందుకు వచ్చింది?" చింటూ అదే పట్టు మీదున్నాడు.

ఎందుకంటే సీసాలో రంగు వెలగదు. అది వెలుగుని మింగుతుంది!

కిటికీలోంచి తెల్లటి వెలుగు వస్తుంది కదా. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ ఉంటాయి. అది వెళ్ళి పసుపు రంగు మీద పడుతుంది. పసుపు రంగు నీలాన్ని గుటుక్కున మింగేస్తుంది. ఎరుపునీ ఆకుపచ్చనీ వదిలేస్తుంది. వదిలేసినవి నీ కంట్లోకి వస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా కలిసి వస్తే ఏం కనిపిస్తుందో ఇందాకే చూశావు.

సిరి వాడిన నీలం రంగు ఎరుపుని మింగుతుంది. నీలాన్నీ, కొంత ఆకుపచ్చనీ వదులుతుంది.

ఇప్పుడు రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి. నీలం వెలుగుని పసుపు రంగు మింగింది. ఎర్ర వెలుగుని నీలం రంగు మింగింది. ఇద్దరి నోటికీ చిక్కకుండా బయటపడింది ఎవరు?

ఆకుపచ్చ! అదే చిలక మీద రంగు.

చింటూ గిన్నెలో సంగతి ఇంకా ఘోరం. ఎర్ర రంగు ఆకుపచ్చనీ నీలాన్నీ మింగుతుంది. ఆకుపచ్చ రంగేమో ఎరుపునీ నీలాన్నీ మింగుతుంది. ఇక మిగిలేదేముంది? ఏదో కాస్త. ఆ కాస్తే బురద రంగు.

"కావాలంటే చూడు," అని తాతయ్య ఒకటే టార్చి తీసుకున్నాడు. దాని మూతికి ఎర్ర కాగితం పెట్టాడు. దాని మీదే ఆకుపచ్చ కాగితం కూడా పెట్టాడు. బటన్ నొక్కాడు.

గోడ మీద ఏమీ లేదు. చీకటి.

"టార్చి పాడైంది," అన్నాడు చింటూ.

పాడవలేదు. ఎర్ర కాగితం ఎరుపుని మాత్రమే పోనిచ్చింది. ఆ ఎరుపుని ఆకుపచ్చ కాగితం మింగేసింది. రెండు టార్చిలకి చెరొకటి తగిలిస్తే పసుపు తెచ్చిన కాగితాలే, ఒకే టార్చికి రెండూ తగిలిస్తే చీకటి తెచ్చాయి.

సిరి కాగితాలు విడదీసింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ విడదీసింది. అన్నం చల్లారిపోతోందని అమ్మ కేకేసినా వినిపించుకోలేదు.

పుస్తకాల్లో బొమ్మలు కూడా మింగే రంగులతోనే అచ్చవుతాయి. ప్రింటర్‌లో నాలుగు సిరాలుంటాయి: పసుపు, మజెంటా అనే ముదురు గులాబీ, సయాన్ అనే లేత నీలం, ఇంకా నలుపు. పసుపు నీలాన్ని మింగుతుంది, మజెంటా ఆకుపచ్చని, సయాన్ ఎరుపుని. తలా ఒకటే మింగుతాయి కాబట్టి వాటిని రకరకాల పాళ్ళలో వేసి కావలసిన రంగులు చాలావరకు తెప్పించొచ్చు. చింటూ గిన్నెలో రంగులు అలా కాదు, చెరో రెండూ మింగే తిండిపోతులు.

*

సాయంత్రానికి కొట్టు నుంచి పసుపు సీసా వచ్చింది. మామిడిపండు మెరిసిపోయింది. కొలువు సిద్ధం.

చింటూకి ఒక ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పకుండా కొలువు దీపం ముందు ఎర్ర కాగితం తగిలించాడు, చెక్క క్లిప్పుతో సహా.

పేరంటానికి ఎదురింటి మామీ వచ్చింది. ఆవిడ తమిళావిడే గానీ తెలుగు బాగా మాట్లాడుతుంది. బొమ్మలన్నీ చూస్తూ మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది.

"ఏమ్మా సిరీ, కొలువులో కాకిని పెట్టారేంటి?"

"కాకా?"

సిరి పరుగున వచ్చింది. నిజమే! చిలక నల్లగా ఉంది. మిసమిసలాడే నల్లటి చిలక. దీపం వైపు చూసింది, చింటూ వైపు చూసింది.

"మామీ, అది చిలకే! ఎర్ర దీపంలోంచి ఎర్ర వెలుగే వస్తోంది. చిలక మీద రంగు ఎరుపుని మింగేస్తుంది. ఇక తిరిగి రావడానికి ఏమీ లేదు. అందుకే నల్లగా కనిపిస్తోంది."

చింటూ కాగితం లాగేశాడు. తెల్లటి వెలుగు పడింది. చిలక ఒక్కసారిగా ఆకుపచ్చగా నవ్వింది.

మామీ కళ్ళు పెద్దవి చేసింది. అమ్మ ఇచ్చిన సుండల్ అందుకుంటూ అడిగింది: "అయితే మా ఇంట్లో నీలం కృష్ణుడున్నాడే, ఆయనకి పసుపు కాగితం చుట్టిన లైటు పెడదామనుకుంటున్నా. పెట్టొచ్చా?"

సిరి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. పసుపు కాగితం నీలాన్ని మింగుతుంది. ఎరుపూ ఆకుపచ్చా వస్తాయి. ఎరుపుని కృష్ణుడి మీద రంగు మింగుతుంది. మిగిలేది కాస్తంత ఆకుపచ్చ.

"వద్దు మామీ! ఇంచుమించు నల్లగా అయిపోతాడు."

"కృష్ణుడే కదమ్మా," అంది మామీ. "నల్లగా ఉంటే ఏం?"