బదిలీ ఉత్తర్వు సారాంశం: క్రమ సంఖ్య 9, సీనియర్ అకౌంటెంట్ (లెవెల్ 6)

సిబ్బంది విభాగం, హైదరాబాద్ కార్యాలయం
తేదీ: 16 జూన్ 2025

సీనియర్ అకౌంటెంట్ గారికి,

12 జూన్ 2025 నాటి బదిలీ ఉత్తర్వులో మొత్తం 14 మంది పేర్లున్నాయి. మీకు వర్తించే భాగాలను మాత్రమే కింద విడదీసి ఇస్తున్నాం. ముందుగా ఒక్క మాట. మొదటి పేజీలో ‘విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయం’ అని ఉంది కదా అని ఇల్లు వెతకడం మొదలుపెట్టకండి. అనుబంధంలోని 5వ గడి చూడండి. మీరు పనిచేయాల్సింది శ్రీకాకుళం ఉప కార్యాలయంలో.

అమలు తేదీ

ఉత్తర్వు మొదటి పేరాలో ‘తక్షణం అమల్లోకి వస్తుంది’ అని ఉన్నా, మీ విషయంలో వర్తించేది 4వ పేరా. నగదు ఛార్జి ఉన్నవారిని త్రైమాసికం ముగిశాక, అంటే 30 జూన్ 2025 సోమవారం మధ్యాహ్నం తర్వాత రిలీవ్ చేయాలని అందులో రాశారు. ఆ రోజు మధ్యాహ్నం తర్వాత ఛార్జి ఇస్తే జాయినింగ్ టైమ్ జులై 1 నుంచి లెక్కకు వస్తుంది. ఉదయమే ఇచ్చేస్తే జూన్ 30 కూడా అందులో కలిసిపోయి ఒక రోజు నష్టపోతారు. అందుకే ఛార్జి నివేదికలో ‘అపరాహ్నం’ అన్న మాట తప్పకుండా ఉండాలి.

దూరం 1,000 కిలోమీటర్లలోపే కాబట్టి మీకు 10 రోజుల జాయినింగ్ టైమ్ ఉంటుంది. అది జులై 10తో అయిపోతుంది. 11వ తేదీ శుక్రవారం పూర్వాహ్నం విధుల్లో చేరాలి. అంతకన్నా ముందే చేరితే వాడుకోని రోజులు ఆర్జిత సెలవు ఖాతాలో పడతాయి. ఉదాహరణకు జులై 4 ఉదయం చేరారనుకోండి, వాడుకున్నవి 3 రోజులు, ఖాతాలో జమ అయ్యేవి 7. కాకపోతే నిల్వ మొత్తం 300 రోజుల పరిమితి దాటకూడదు.

కొత్త స్థానం, చేరే విధానం

శ్రీకాకుళం ఉప కార్యాలయం, బిల్లుల విభాగం. చేరిక నివేదిక నేరుగా ఉప కార్యాలయ అధికారికి ఇవ్వండి, ఒక ప్రతిని విశాఖపట్నానికి పంపండి. ముందు విశాఖ వెళ్లి సంతకం పెట్టి రావాలని ఉత్తర్వులో ఎక్కడా లేదు. అలా వెళ్తే ఆ దారి ఖర్చు బిల్లులో రాదు. రైలులో వెళ్తే దిగాల్సింది శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో. అది ఊళ్లో కాదు, ఆమదాలవలసలో ఉంటుంది.

మీ జీతం మాత్రం విశాఖ డీడీవో ద్వారానే వస్తుంది. చివరి వేతన ధ్రువపత్రం (ఎల్‌పీసీ), సర్వీసు బుక్ అక్కడికే పంపుతాం. జూన్ జీతం ఇక్కడే ఇస్తాం. జాయినింగ్ టైమ్‌తో కలిపి జులై జీతమంతా అక్కడ వేస్తారు.

భత్యాలు

ఉత్తర్వు 2వ పేరాలో 3, 7, 11 క్రమ సంఖ్యల వారిని ‘సొంత అభ్యర్థనపై’ బదిలీ చేసినట్టు ఉంది. వారికి ప్రయాణ భత్యం లేదు. మీది ‘ప్రజా ప్రయోజనం దృష్ట్యా’ జరిగిన బదిలీ. క్లెయిమ్‌తోపాటు ఆ పేరా ఉన్న పేజీ ప్రతిని కూడా జతచేయండి. అనుబంధం ఒక్కటే పెడితే బదిలీ ఏ రకమో తెలియక బిల్లు వెనక్కి వస్తుంది.

ఒకేసారి వచ్చేవి: బదిలీ గ్రాంటు, చివరి నెల మూల వేతనంలో 80 శాతం. జూన్ మూల వేతనం ₹44,900పై అది ₹35,920 అవుతుంది. జులై 1 ఇంక్రిమెంట్‌ను దీనికి లెక్కలోకి తీసుకోరు. నివాసం నిజంగా మారినట్టు మీరు ధ్రువీకరణ ఇవ్వాలి. మీకు, కుటుంబానికి రైలులో రెండో తరగతి ఏసీ. సామాను 6,000 కిలోల వరకు. రవాణా సంస్థ రసీదులో బయల్దేరిన చోటు, దించిన చోటు, బరువు మూడూ కనిపించాలి. ‘ఇంటి సామాను, ఒక లారీ’ అని మాత్రమే రాసిన రసీదులే ఎక్కువగా అభ్యంతరంతో తిరిగొస్తుంటాయి. కుటుంబం మీ తర్వాత ఆరు నెలల్లోపు రావచ్చు, వారి క్లెయిమ్ విడిగా పెట్టుకోవచ్చు. మీ ప్రయాణం పూర్తయిన 60 రోజుల్లోగా మీ బిల్లు అందాలి. అడ్వాన్సు కావాలంటే జూన్ 20లోగా దరఖాస్తు ఇవ్వండి, ఎల్‌పీసీలో అది నమోదు కావాలి.

ఇక నెలనెలా తగ్గేవి. జూన్ మూల వేతనం, 55 శాతం డీఏ ప్రకారం లెక్క ఇదీ:

| భత్యం | హైదరాబాద్ | శ్రీకాకుళం |
|---|---|---|
| ఇంటి అద్దె భత్యం | 30 శాతం, ₹13,470 | 10 శాతం, ₹4,490 |
| రవాణా భత్యం, దానిపై డీఏ | ₹3,600 + ₹1,980 = ₹5,580 | ₹1,800 + ₹990 = ₹2,790 |

ఈ రెండింటి మీద నెలకు ₹11,770 తగ్గుతుంది. పని స్థలం విశాఖే అయి ఉంటే ఇంటి అద్దె 20 శాతం, ₹8,980 వచ్చేది. అద్దె భత్యం పనిచేసే ఊరిని బట్టి వస్తుంది గానీ జీతం ఎక్కడి నుంచి వేస్తారన్నదాన్ని బట్టి కాదు. విశాఖలో పొరపాటున 20 శాతం వేస్తే ఆనక రికవరీ తప్పదు. మొదటి పే స్లిప్ చూసుకోండి. జాయినింగ్ టైమ్‌లో మాత్రం అద్దె భత్యం హైదరాబాద్ రేటులోనే ఉంటుంది.

అప్పగించాల్సినవి

మీ స్థానంలో ఇంకా ఎవరినీ వేయలేదు. 5వ పేరా ప్రకారం ఛార్జి అదే విభాగంలోని రెండో అకౌంటెంట్‌కు ఇవ్వాలి. ‘బదులు వచ్చేదాకా’ ఆగే వీలు లేదు.

నగదుతో మొదలుపెట్టండి. పర్మనెంట్ అడ్వాన్సు ₹10,000. జూన్ 13 సాయంత్రానికి చేతిలో ₹6,340, ఓచర్లు ₹3,660. జూన్ 27లోగా ఓచర్లన్నీ రీకూప్‌మెంట్ బిల్లులో పెట్టండి. 30న క్యాష్ బుక్ మూసి, నోట్లు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేశాక ఆఫీసర్ సంతకం తీసుకోండి. ఛార్జి నివేదికలో మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. ఇనప్పెట్టె తాళం అక్కడే చేతికిచ్చి నివేదికలో రాయించండి. డూప్లికేట్ తాళం ఆఫీసర్ దగ్గరుంది, దాన్ని కలపొద్దు.

సర్వీసు బుక్‌లు 41. సంఖ్య చూసి సంతకం పెట్టించడం కాదు, ఒక్కొక్కటి తీసి జాబితాతో సరిచూడండి. ఏదైనా వేరే విభాగానికి వెళ్లి ఉంటే తీసుకున్నవారి సంతకం, తేదీ ఉన్న పేజీ చూపండి.

పెండింగ్ ఫైళ్లు 23. వీటిలో గడువు దగ్గర పడినవి రెండు. అక్టోబరు 31న పదవీ విరమణ చేసే ఉద్యోగి పెన్షన్ కాగితాలు జూన్ 30లోగా పీఏవోకు చేరాలి, కాబట్టి అది అప్పగించే ఫైలు కాదు, మీరే ముగించి వెళ్లాల్సింది. ఏప్రిల్–జూన్ టీడీఎస్ రిటర్న్ 24Q గడువు జులై 31, అది రెండో అకౌంటెంట్ దాఖలు చేస్తారు. మూడు నెలల కోతల పట్టీ, చలాన్ వివరాలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. పాన్ సరిపోని రెండు పేర్లు ఏవో కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెప్పి వదలొద్దు. మిగిలిన ఫైళ్లను ఈ-ఆఫీస్‌లో ఒకే లైను నోట్‌తో పంపవచ్చు.

పీఎఫ్‌ఎంఎస్ మేకర్ ఐడీని 30 సాయంత్రం నిలిపివేయించండి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. రెండో అకౌంటెంట్‌కు కొత్త ఐడీ కోసం జూన్ 23లోగా దరఖాస్తు పెట్టించండి. ఆలస్యమైతే జులై మొదటి వారం బిల్లులు ఆగుతాయి, పాత ఐడీతో లాగించేద్దామన్న ఒత్తిడి మీమీదికే వస్తుంది. డిజిటల్ సంతకం టోకెన్ మీ పేరు మీద ఉంది. దాన్ని అప్పగించకూడదు, రద్దు చేయించి రసీదు తీసుకోవాలి.

ఛార్జి నివేదిక నాలుగు ప్రతులు: ఈ కార్యాలయానికి, విశాఖకు, పీఏవోకు, మీకు. మీ ప్రతి మీద రెండో అకౌంటెంట్ సంతకంతోపాటు తేదీ, పూట రెండూ ఉన్నాయో లేదో చూశాకే రిలీవింగ్ లేఖ తీసుకోండి.

సిబ్బంది విభాగం సూపరింటెండెంట్