యాక్టివ్ సబ్‌స్క్రైబర్ అంటే ఎవరు? మూడు టీమ్‌లకూ ఒకే పదకోశం

వెర్షన్ 1. జనవరి లెక్కల నుంచి అమలు. రాసింది డేటా టీమ్. ఫైనాన్స్, సేల్స్, ప్రొడక్ట్ హెడ్‌లు ముగ్గురూ చదివి ఒప్పుకున్నారు.

నవంబర్ రివ్యూలో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మనకు యాక్టివ్ సబ్‌స్క్రైబర్లు ఎంతమంది అని అడిగితే ఫైనాన్స్ 17,240 అంది, సేల్స్ 19,160 అంది, ప్రొడక్ట్ 21,900 అంది. మిగతా గంటంతా ఎవరి లెక్క తప్పో తేల్చడానికే సరిపోయింది. తర్వాత మేం కూర్చుని మూడు క్వెరీలూ విప్పి చూస్తే ఏ ఒక్కరి కూడికలోనూ తప్పు లేదు. ఫైనాన్స్ ఆ నెల బిల్లుకి డబ్బు కట్టిన ఖాతాల్ని లెక్కపెట్టింది, సేల్స్ సంతకం అయిన వాటినీ ట్రయల్‌లో ఉన్నవాటినీ కలిపింది, ప్రొడక్ట్ యాప్ వాడిన మనుషుల్ని లెక్కపెట్టింది. మూడు వేర్వేరు విషయాలు, పేరు మాత్రం ఒక్కటే.

ఇకమీదట ఏ స్లైడ్‌లో, ఏ డాష్‌బోర్డులో "యాక్టివ్" అని ఒంటరిగా రాయొద్దు. కింద ఉన్న పేర్లలో ఏదో ఒకటి పూర్తిగా రాయండి.

యాక్టివ్ సబ్‌స్క్రైబర్

ఒక నిర్దిష్ట క్షణానికి, డబ్బు చెల్లించాల్సిన ప్లాన్ మీద, సర్వీసు అందుకునే హక్కు ఉన్న ఖాతా. ఇందులో ప్రతి మాటకీ పనుంది.

"క్షణానికి" అంటే ఇది ఆ రోజుకి తీసిన ఫొటో లాంటిది. నెల మధ్యలో చేరి నెలాఖరుకి వెళ్లిపోయినవాళ్లు ఇందులో కనిపించరు. నెలవారీ సంఖ్య అంటే తర్వాతి నెల 1వ తేదీ 00:00 యూటీసీకి ఉన్న సంఖ్య. ఇన్నాళ్లూ సేల్స్ రిపోర్టు స్థానిక సమయంతోనూ బిల్లింగ్ రిపోర్టు యూటీసీతోనూ నడిచేవి. నెలాఖరు రాత్రి చేరినవాళ్లు ఒకదాంట్లో ఈ నెలలో, ఇంకోదాంట్లో వచ్చే నెలలో పడేవాళ్లు. నిజం చెప్పాలంటే ఈ చిన్న తేడా వల్ల మా టీమ్‌కి పోయినంత సమయం ఇంకే కారణానా పోలేదు.

"ఖాతా" అంటే బిల్లు ఎవరి పేరున వెళ్తుందో ఆ ఖాతా. 40 సీట్లు కొన్న కంపెనీ కూడా ఒక్క సబ్‌స్క్రైబరే. ఒకే ఖాతా మీద రెండు ప్లాన్‌లు నడిచినా ఒక్కటే.

"చెల్లించాల్సిన" అన్నాం, "చెల్లించిన" అనలేదు. ఈ ఒక్క మాట మీద ఫైనాన్స్‌తో రెండు మీటింగులు అయ్యాయి. ఇన్‌వాయిస్ మీద కట్టే పెద్ద కస్టమర్లకు 30 రోజుల గడువు ఇచ్చింది మనమే, ఆ గడువు తీరకముందే వాళ్లని లెక్కలోంచి తీసేస్తే అర్థం లేదు. అయితే గడువు దాటి ఇంకో 30 రోజులైనా డబ్బు రాకపోతే, సేల్స్ "రేపు కడతారంట" అన్నా సరే, లెక్కలోంచి పోతారు. డబ్బు వచ్చాక మళ్లీ చేరుస్తాం.

క్వెరీ ఇదే, ఇంకెవరూ సొంతంగా రాసుకోవద్దు:

```sql
SELECT COUNT(DISTINCT account_id)
FROM subscriptions
WHERE started_at < :as_of
  AND access_until >= :as_of
  AND period_price > 0
  AND is_trial = false
  AND is_internal = false;
```

`period_price` అంటే డిస్కౌంట్ పోగా మిగిలిన ధర. అందువల్ల 100 శాతం కూపన్ మీద ఉన్న ఖాతాలు వాటంతటవే బయటికి పోతాయి. `access_until`లో కింద చెప్పిన గ్రేస్ పీరియడ్ కూడా కలిసే ఉంటుంది, ఎవరూ మళ్లీ 14 రోజులు కలపకండి (ఒకసారి కలిపారు, ఎవరో చెప్పను).

ట్రయల్ ఖాతా

యాక్టివ్ సబ్‌స్క్రైబర్ కాదు. కార్డు ఇచ్చినా కాదు. మొదటి డబ్బు చెల్లింపు సక్సెస్ అయిన క్షణం నుంచి అవుతుంది. ట్రయల్ నుంచి ఎంతమంది మారతారో మనకు ముందే తెలుసు కదా, అంచనా వేసి కలుపుదాం అని ఒక సూచన వచ్చింది. అంచనాలకు ఫోర్‌కాస్ట్ షీట్ ఉంది, ఇక్కడ వద్దు.

సంతకం అయింది, మొదలవలేదు

కాంట్రాక్ట్ సంతకం అయి, సర్వీసు తేదీ ఇంకా రానివి. సేల్స్‌కి ఇవి బుకింగ్స్, టార్గెట్‌లోనూ కమిషన్‌లోనూ లెక్కకొస్తాయి, దాంట్లో మార్పేం లేదు. సబ్‌స్క్రైబర్ల సంఖ్యలో మాత్రం సర్వీసు మొదలైన రోజే చేరతాయి.

గ్రేస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లు

రెన్యూవల్ రోజు కార్డు ఫెయిలైంది, బిల్లింగ్ స్క్రీన్‌లో `past_due` అని కనిపిస్తుంది, కానీ సర్వీసు ఇంకా ఆపలేదు. ఇలాంటి ఖాతాని 14 రోజుల దాకా యాక్టివ్ సబ్‌స్క్రైబర్‌గానే లెక్కపెడతాం. కార్డు గడువు తీరిపోవడమో, ఆ రోజు అకౌంట్‌లో డబ్బు లేకపోవడమో కారణమైతే చాలామంది మళ్లీ ప్రయత్నించినప్పుడు కట్టేస్తారు. ఫెయిలైన రోజే తీసేసి నాలుగు రోజులకి మళ్లీ కలిపితే, వెళ్లినవాళ్ల సంఖ్యా వచ్చినవాళ్ల సంఖ్యా రెండూ ఉత్తినే ఉబ్బుతాయి.

ఫైనాన్స్ అభ్యంతరం న్యాయమైనదే: వీళ్లలో కొందరు ఎప్పటికీ కట్టరు, అలాంటివాళ్లని నెలాఖరు సంఖ్యలో చూపడం ఎంతవరకు సరి? అందుకే మొత్తం సంఖ్య ఎక్కడ చూపించినా దాని కిందే "ఇందులో గ్రేస్‌లో ఉన్నవాళ్లు ఇంతమంది" అని రాయాలి. నవంబర్‌లో అయితే 280. 15వ రోజున సర్వీసు ఆగుతుంది, ఖాతా లెక్కలోంచి పోతుంది. వెళ్లిన తేదీగా ఆ రోజునే రాస్తాం, కార్డు ఫెయిలైన రోజుకి వెనక్కి జరపం.

క్యాన్సిల్ చేశారు, గడువు మిగిలి ఉంది

వీళ్లు యాక్టివ్ సబ్‌స్క్రైబర్లే. డబ్బు కట్టారు, కట్టిన గడువు ఇంకా ఉంది, సర్వీసు వాడుకుంటున్నారు. బిల్లింగ్‌లో స్టేటస్ `active` అనే ఉంటుంది, పక్కన `cancel_at_period_end` మాత్రం `true` అవుతుంది. ప్రొడక్ట్ వాళ్లు బటన్ నొక్కిన రోజే తీసేద్దామన్నారు, ఎందుకంటే వాళ్లు ఏ స్క్రీన్ మార్చాక క్యాన్సిల్స్ పెరిగాయో వెంటనే తెలియాలి. ఆ అవసరం నిజమే, కానీ దానికి క్యాన్సిల్ నొక్కిన వాళ్ల రోజువారీ సంఖ్యే వేరుగా ఇస్తున్నాం. దాని పేరు "వెళ్లబోతున్నవాళ్లు". గడువులోపు మనసు మార్చుకుని ఉండిపోతే, వాళ్లు వెళ్లినట్టూ కాదు, తిరిగి వచ్చినట్టూ కాదు.

పాజ్

డబ్బు కట్టని పాజ్ అయితే యాక్టివ్ కాదు.

రీఫండ్

మొత్తం డబ్బు వెనక్కి ఇస్తే సర్వీసు ఆ రోజే ఆగుతుంది, `access_until` ఆ రోజుకి మారుతుంది. కొంత మాత్రమే ఇస్తే లెక్కలో మార్పు లేదు. బ్యాంకు ద్వారా వివాదం వేసి డబ్బు వెనక్కి లాక్కున్నవాళ్లకీ మొత్తం రీఫండ్ రూలే.

వెళ్లినవాళ్లు (చర్న్)

నెల మొదట్లో యాక్టివ్ సబ్‌స్క్రైబర్‌గా ఉండి, నెల చివర లేనివాళ్లు.

```
churn_rate = lost_accounts / active_at_month_start
```

కింద ఉండేది నెల మొదటి సంఖ్య మాత్రమే. ఆ నెల కొత్తగా చేరినవాళ్లని కింద కలిపితే, బాగా అమ్మిన నెలలో శాతం దానంతటదే తగ్గిపోయి కనిపిస్తుంది. పెద్ద ప్లాన్ నుంచి చిన్న ప్లాన్‌కి దిగినవాళ్లు వెళ్లినట్టు కాదు, ఆ తేడా కింద చెప్పిన ఎంఆర్‌ఆర్‌లో కనిపిస్తుంది. చర్న్‌ని ఎప్పుడూ రెండుగా చూపండి: తామే క్యాన్సిల్ చేసుకున్నవాళ్లు, డబ్బు అందక ఆగిపోయినవాళ్లు. మొదటిదానికి మందు ప్రొడక్ట్ దగ్గర ఉంటుంది, రెండోదానికి రిమైండర్లు, కార్డు అప్‌డేట్ లింకులు చాలు. రెండూ కలిపి ఒకే శాతంగా చూపిస్తే ఏది ఎవరు బాగుచేయాలో తెలియదు.

తిరిగి వచ్చినవాళ్లు

అదే ఖాతా, ఒకసారి లెక్కలోంచి పోయి మళ్లీ చేరితే. ఎన్నాళ్ల తర్వాత వచ్చినా "కొత్త" కాదు. పాజ్ నుంచి వచ్చినవాళ్లూ ఇందులోనే. కొత్త ఈమెయిల్‌తో వస్తే మనం గుర్తుపట్టలేం, కొత్తగానే పడతారు, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఎంఆర్‌ఆర్

యాక్టివ్ సబ్‌స్క్రైబర్ల ధరల్ని నెలకి మార్చి కూడితే వచ్చేది. ఏడాదికి 1,200 అయితే నెలకి 100, ఒకేసారి 1,200 వచ్చినా సరే. డిస్కౌంట్ తీసేశాక, పన్నులు లేకుండా. గ్రేస్‌లో ఉన్నవాళ్లది కూడా కలుస్తుంది, కింద విడిగా చూపిస్తాం. ఒకసారి మాత్రమే తీసుకునే సెటప్ ఫీజు కలవదు. ఇది పుస్తకాల్లోని ఆదాయం కాదు. ముందే వచ్చిన ఏడాది డబ్బుని సర్వీసు అందించే కొద్దీ ఆదాయంగా చూపడం అకౌంటింగ్ నియమాల పని, అది ఫైనాన్స్ చూసుకుంటుంది. ఎంఆర్‌ఆర్‌ని "రెవెన్యూ" అని రాసిన స్లైడ్ కనిపిస్తే వెనక్కి పంపండి.

వాడుతున్న వ్యక్తులు

ఇన్నాళ్లూ ప్రొడక్ట్ "యాక్టివ్" అన్నది ఇదే. గత 28 రోజుల్లో `core_action` ఈవెంట్ ఒక్కటైనా ఉన్న మనుషులు, డబ్బు కట్టినా కట్టకపోయినా. నోటిఫికేషన్ వచ్చిందనో, యాప్ వెనకాల రిఫ్రెష్ అయిందనో లెక్కపెట్టం, మనిషి ఏదో ఒక పని చేసి ఉండాలి. 30 కాకుండా 28 ఎందుకంటే, అందులో వారంలోని ప్రతి రోజూ సరిగ్గా నాలుగేసి సార్లు వస్తుంది. 30 అయితే ఒక నెల శని, ఆదివారాలు ఎక్కువ పడి, ఇంకో నెల తక్కువ పడి గీత ఊరికే ఊగుతుంది.

పాత మూడు సంఖ్యలకి ఏమైంది

కొత్త నిర్వచనంతో నవంబర్ సంఖ్య 17,480.

సేల్స్ 19,160లోంచి ట్రయల్ 1,120, మొదలవని కాంట్రాక్టులు 210, పూర్తి కూపన్ మీద ఉన్నవి 350 తీసేస్తే 17,480. ఫైనాన్స్ 17,240కి గ్రేస్‌లోని 280, గడువు తీరని ఇన్‌వాయిస్‌లు 95 కలిపి, డబ్బు మొత్తం వెనక్కి తీసుకున్న 135 తీసేస్తే మళ్లీ 17,480. ఈ రెండూ ఒక్క ఖాతా కూడా తేడా లేకుండా కలిశాకే ఈ పత్రం అందరికీ పంపుతున్నాం.

ప్రొడక్ట్ 21,900ని ఇలా కూడికలతో కలపలేం, అది మనుషుల లెక్క. వాళ్లంతా 13,640 ఖాతాలకు చెందినవాళ్లు. అందులో 740 ట్రయల్, ఫ్రీ ఖాతాలు, మిగిలిన 12,900 యాక్టివ్ సబ్‌స్క్రైబర్లు. అంటే 4,580 ఖాతాల్లో డబ్బు కడుతున్నా 28 రోజులుగా ఎవరూ ఏమీ వాడట్లేదు. ఎవరి సంఖ్య కరెక్టు అని కొట్టుకుంటున్నంతసేపూ ఇది ఎవరికీ కనపడలేదు. దీనికి కూడా ఒక పేరు పెట్టాం: కడుతూ వాడనివాళ్లు. జనవరి నుంచి ప్రతి రివ్యూలో మొత్తం సంఖ్య పక్కనే ఉంటుంది. ఏం చేయాలన్నది ప్రొడక్ట్, సేల్స్ కలిసి చెప్పాలి.

సంఖ్య ఎప్పుడు ఖరారవుతుంది, మార్చాలంటే ఎలా

ప్రతి నెలా 3వ పనిదినం సాయంత్రానికి ముందటి నెల సంఖ్య ఖరారు. ఆ తర్వాత వచ్చిన రీఫండ్‌లు, వెనకటి తేదీ వేసిన కాంట్రాక్టులు పాత నెలని కదిలించవు, వచ్చిన నెలలోనే పడతాయి. మా క్వెరీలోనే తప్పు దొరికితే మాత్రం పాత నెలలు సరిచేసి, పాత సంఖ్య, కొత్త సంఖ్య, కారణం మూడూ ఇదే పత్రం అడుగున రాస్తాం.

నిర్వచనం మార్చాలనుకుంటే మూడు టీమ్‌లూ ఒప్పుకోవాలి, మార్పు త్రైమాసికం మొదటి రోజునే అమల్లోకి వస్తుంది, అంతకు ముందు 12 నెలలు కొత్త పద్ధతిలో మళ్లీ లెక్కకట్టి పక్కన పెడతాం. ఇక్కడ లేని కేసు ఎదురైతే మీరే ఒక నిర్ణయం తీసుకుని స్లైడ్‌లో పెట్టకండి, ఖాతా నంబరుతో డేటా టీమ్ ఛానెల్‌లో అడగండి, రెండు పనిదినాల్లో జవాబిచ్చి ఇక్కడ చేరుస్తాం. ఇప్పటికే ఒకటి పెండింగ్‌లో ఉంది: రీసెల్లర్ ఒకే బిల్లు మీద చాలామంది కస్టమర్లకు తీసుకుంటే అది ఒక సబ్‌స్క్రైబరా, చాలామందా? తేలేదాకా ఒక్కటిగానే లెక్కపెడుతున్నాం, సేల్స్‌కి ఇది నచ్చలేదని మాకు తెలుసు.