నత్తగుల్ల

గేదెలను కాలవలో కడిగి ఇంటికి తోలుకొచ్చాక, వెంకటరత్నం ఒక్కోదాని కాలు ఎత్తి గిట్టల సందు చూసేవాడు. నాలుగేళ్ల కిందట గాలికుంటు వచ్చి చూలు గేదె ఒకటి చేతికి దక్కకుండా పోయింది. అప్పటి నుంచి ఆయనకు ఈ అలవాటు. టార్చిలైటు వెలుగులో గిట్టల మధ్య మట్టిని వేలితో తీసి, ఎక్కడైనా ఎర్రగా కనబడితే పర్మాంగనేటు నీళ్లతో కడిగి కానీ అన్నానికి కూర్చునేవాడు కాదు.

తన అరికాలు తాను చూసుకోవాలని మాత్రం ఆయనకు ఎన్నడూ తోచలేదు.

పుండును మొదట చూసింది సీతామహాలక్ష్మి. శ్రావణంలో బీపీటీ వరి నాట్లు పూర్తయిన మర్నాడు అరుగు మీద రక్తపు మరకలు కనబడ్డాయి. రెండడుగులకు ఒకటి చొప్పున గుమ్మం దాకా ఉన్నాయి. ఆమె వెనకాలే వెళ్లి కాలు పట్టుకుని చూస్తే, కుడికాలి బొటనవేలి కింద, బరువు ఆనే చోట, కందిగింజంత చీలిక.

"ఏమండీ, ఇది ఎప్పుడు తగిలింది?"

"ఏది?" అన్నాడాయన.

పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టింది. వారం తరవాత గాయపాకు పసరు పిండింది. తరవాత ఊళ్లో సూదులు వేసే ఆయన వచ్చి రెండు సూదులు వేసి, పైన పొడి చల్లి, పచ్చగా కట్టు కట్టి వెళ్లాడు. కట్టు తడిసి, బురదలో జారిపోయింది. మళ్లీ కట్టాడు. పుండు మానినట్టే ఉండేది. చుట్టూ చర్మం కాయ కాచి, తెల్లగా గట్టిపడి, నడుమ గుంటగా మిగిలేది. నాలుగు రోజులు చేలో తిరిగితే ఆ గుంటలోంచి మళ్లీ చెమ్మ.

"ఆసుపత్రికి వెళ్దాం" అని ఆమె అన్నప్పుడల్లా ఆయన ఒకటే మాట చెప్పేవాడు. "నొప్పి ఉంటే కదా! నొప్పి లేని పుండు తగ్గిపోతున్న పుండే."

ఆ మాట ఆమెకూ సబబుగానే తోచింది. పుట్టినప్పటి నుంచి అందరం అలాగే అనుకుంటాం కదా.

కార్తీకం వచ్చింది. చేను ఎర్రబడుతోంది. కోతకు రెండు మూడు రోజుల ముందే, నేలలో తడి ఉండగానే, నిలబడి ఉన్న వరిలో మినుములు చల్లాలి. డెల్టాలో ఆ పదును తప్పితే రెండో పంట చేతికి రాదు. ఆ సమయంలో రైతును చేలోంచి బయటికి లాగడం ఎవరి తరమూ కాదు. ఆశా కార్యకర్త నాగమణి లాగింది. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూస్తూ వచ్చిన ఆ పిల్ల గుమ్మంలోనే ఆగి, "అత్తా, ఈ వాసన ఏమిటి?" అంది. తరవాత కట్టు విప్పి చూసి, వేలు పొడిచి యంత్రంలో రక్తం పెట్టింది. 342 వచ్చింది.

"బాబాయ్, రేపు తొమ్మిదింటికి నా వెంట రావాలి. మినుములు కాదు, మబ్బులు విరిగి పడినా సరే."

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ వయసు వాళ్ల పెద్దమ్మాయి వయసంత ఉంటుంది. చీటీ రాయడానికి తొందరపడలేదు. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, తాను స్టూలు లాక్కుని కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు కాళ్లూ తడిపిన దూదితో తుడిచింది. తనకన్నా చదువుకున్న మనిషి తన కాళ్లు తుడుస్తుంటే వెంకటరత్నానికి ప్రాణం చచ్చిపోయింది. లేవబోయాడు.

"పడుకోండి బాబాయి గారూ. ఎన్నాళ్లయింది?"

"నాట్లప్పుడమ్మా."

ఆమె వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. మూడు నెలలు దాటింది. పాదం పైన రెండు వేళ్లు ఆనించి కాసేపు కదలకుండా కూర్చుంది. "నాడి బాగా అందుతోంది. రక్తం వస్తోంది. అది మన అదృష్టం." ఆ తరవాత సొరుగులోంచి చిన్న పిడి తీసింది. దాని చివర చేపల గాలానికి కట్టే నైలాను దారం లాంటిది ముక్క. దాన్ని ఆయన ముంజేతి మీద తాకించింది. దారం వంగింది.

"తెలిసిందా?"

"తెలిసింది."

"ఇప్పుడు కళ్లు మూసుకోండి. కాలి మీద ఇలాగే తాకిస్తాను. తగిలినప్పుడల్లా 'ఆ' అనండి. అంతే."

ఆయన కళ్లు మూసుకున్నాడు. బయట ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. ఫ్యాను కిర్రుమంటోంది. గేదెలకు గడ్డి వేసి వచ్చానా లేదా అనుకున్నాడు. ఒకసారి మడమ దగ్గర తగిలినట్టయి "ఆ" అన్నాడు. తరవాత చాలాసేపు ఏమీ లేదు. డాక్టరమ్మ ఏదో రాసుకుంటోందేమో అనుకున్నాడు. ఇంకొంచెం ఆగాడు. చివరికి మొహమాటపడుతూ, "మొదలుపెట్టండమ్మా" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.

కళ్లు తెరిచేసరికి సీతామహాలక్ష్మి గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. డాక్టరమ్మ చేతిలోని దారం ఆయన బొటనవేలి మీద విల్లులా వంగి ఉంది. చూస్తున్నాడు. అయినా ఏమీ తెలియడం లేదు.

"రెండు కాళ్లూ చూశానండీ" అంది డాక్టరమ్మ మెల్లగా. "వేళ్లన్నిటి మీదా, అరికాలు నిండా తాకించాను. మడమ దగ్గర ఒక్కచోటే చెప్పారు."

ఆయనకు మొదట తట్టిన భయం వేరు. భార్య వినకుండా గొంతు తగ్గించి, "పెద్దరోగమా అమ్మా?" అన్నాడు.

ఆమె నవ్వలేదు. చొక్కా విప్పించి వీపు చూసింది. మోచేతి వెనక, మోకాలి పక్కన నరాలు తడిమి చూసింది. మచ్చలు లేవు, నరాలు ఉబ్బలేదు. "కుష్టు కాదు. ఒకవేళ అదే అయినా మాత్రలతో నయమయ్యేదే, భయపడాల్సింది కాదు. ఇది షుగరు. ఇవాళ నిన్న వచ్చింది కాదు. ఏళ్ల నుంచి ఉండి ఉంటుంది. రాత్రిళ్లు అరికాళ్లు మంటలు పుట్టేవా?"

"రెండేళ్ల కిందట పుట్టేవి. అవే తగ్గిపోయాయి."

"తగ్గలేదు. మంటను తెలిపే నరాలే దెబ్బతిన్నాయి."

అప్పుడు సీతామహాలక్ష్మి కొంగు తీసి మాట్లాడింది. "మొన్న ఎండాకాలం చేలోంచి ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చారమ్మా. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియదన్నారు. నేనూ, పిల్లలూ ఎంత నవ్వామో!" ఆమె గొంతు పూడిపోయింది. "మా అత్తగారికీ ఇంతే. బొటనవేలు తీసేశారు. ఏదో పురుగు ముట్టిందనుకున్నాం."

డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుని కాయ కాచిన చర్మాన్ని బ్లేడుతో పొరలు పొరలుగా తీయసాగింది. మత్తు సూది ఇవ్వలేదు, అవసరం పడలేదు. వెంకటరత్నం తలెత్తి, ఎవరి కాలినో చూస్తున్నట్టు చూశాడు. పైకి కందిగింజంత ఉన్నది లోపల రూపాయి బిళ్లంత ఉంది. చీము వచ్చింది. ఆ గుంట అడుగున పటకారుకు ఏదో టిక్కున తగిలింది. సీతామహాలక్ష్మి కళ్లు మూసుకుంది.

డాక్టరమ్మ దాన్ని బయటికి తీసి, ఉప్పునీటిలో కడిగి, గాజుగుడ్డ మీద పెట్టింది. గోరంత ముక్క, ఒక పక్క గోధుమరంగు, ఒక పక్క ముత్యంలా మెరుపు.

"నత్తగుల్ల" అన్నాడు వెంకటరత్నం.

నాట్ల రోజున గుచ్చుకున్నది. దాని మీద నిలబడే నాట్లు వేయించాడు, రెండుసార్లు ఎరువు చల్లాడు, గట్లు చెక్కాడు, సంతకు వెళ్లి వచ్చాడు. ఒక్కసారి కూడా అది ఆయనకు తాను ఉన్నానని చెప్పలేదు.

సన్నటి కడ్డీతో గుంట లోతు చూశాక డాక్టరమ్మ ముఖం కొంచెం తేటపడింది. "ఎముక తగలలేదు. అయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవాళే తెనాలి పెద్దాసుపత్రికి రాస్తాను. అక్కడ మూడు నెలల సగటు షుగరు పరీక్ష చేస్తారు, కొన్నాళ్లు ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ అంటే ఆఖరి రోజులు కాదు, పుండు మానడానికి."

"కాలు ఉంటుందా అమ్మా?"

"ఉండేలా చూద్దాం. కానీ దాని మీద బరువు పెట్టకూడదు. పుండు మానకపోవడానికి సగం కారణం మీ నడకే. నొప్పి ఉంటే కుంటేవారు, కుంటితే మానేది. ఉప్పునీటితో కడిగి రోజూ కట్టు మార్చాలి. పసుపు వద్దు, పసర్లు వద్దు. వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టవద్దు, కాలినా మీకు తెలియదు. ఇంట్లో కూడా చెప్పులు. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా, నల్లబడినా ఆ రోజే రావాలి, మర్నాడు కాదు."

"ఎన్నాళ్లు?"

"రెండు నెలలు, మూడు నెలలు. చేలోకి అసలు దిగకూడదు."

"మినుములు..." అన్నాడాయన.

"నేను చల్లుతాను" అంది సీతామహాలక్ష్మి.

చల్లింది. ఆమె తమ్ముడు ఒక పక్క, ఆమె ఒక పక్క, ఒడిలో మినుములు కట్టుకుని ఎకరంన్నర చేనూ చల్లారు. వెంకటరత్నం ఇంట్లో నులకమంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని, గంటకొకసారి ఫోను చేశాడు. పలచగా చల్లుతున్నారేమో, ఆ తూర్పు మూల మిట్ట కదా, అక్కడ రెండు గింజలు ఎక్కువ పడాలి. పంట చేలో ఉండగా ఇంట్లో కూర్చోవడం ఆయన బతుకులో అదే మొదలు. అది పుండుకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. మధ్యాహ్నం నాగమణి కట్టు మార్చడానికి వచ్చి చూసేసరికి మంచం దిగి గుమ్మం దాకా వచ్చి ఉన్నాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆయన జేబులో దాచుకున్న నత్తగుల్ల ముక్కను తీయించి, ఆయన అరచేతిలోనే పెట్టి, మంచం వైపు చూపించింది. ఆయన వెళ్లి పడుకున్నాడు.

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 10.8 శాతం వచ్చింది. మెత్తటి రబ్బరు అట్ట వేసిన చెప్పులు ఇచ్చారు. వెనక పట్టీ ఉంది, జారిపోవు. సంక్రాంతి నాటికి పుండు మిరియపుగింజంత అయింది. మాఘం వచ్చి మినుము పిందె దశకు చేరేసరికి దాని మీద పలచటి గులాబిరంగు చర్మం కమ్ముకుంది.

ఆ రాత్రీ సీతామహాలక్ష్మి గేదెల కాళ్లు చూసి, చేతులు కడుక్కుని, అదే టార్చిలైటు తెచ్చి ఆయన మంచం కోడు దగ్గర కూర్చుంది. ఒక కాలు ఒళ్లోకి తీసుకుని వేళ్ల సందులు చూసింది. రెండోది చూసింది. కొత్త చర్మం మీద వేలు ఆనించి కొంచెం నొక్కింది.

"తెలుస్తోందా?"

ఆయన కాసేపు ఆగాడు, చెప్పగలనేమోనని.

"లేదు."

"సరే. నాకు తెలుస్తోంది లెండి" అని ఆమె టార్చి ఆర్పేసింది.