రాత్రి గేటు లెక్క

బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ మెయిన్ గేటు. తెల్లవారుజాము నాలుగున్నర. సూపర్‌వైజరు చంద్రశేఖర్ ఎంట్రీ రిజిస్టరు ఒక పక్క, వేబ్రిడ్జి స్లిప్పుల కట్టలు ఒక పక్క పెట్టుకుని కూర్చున్నాడు. సోమవారం రాత్రి రిజిస్టరు మొత్తం 36 బండ్లు, స్లిప్పులు 37. మంగళ, బుధవారాలూ ఒక్కటే తక్కువ. గురువారం రెండు.

బండి రాయకుండా వదిలారని స్టోర్సు వాళ్ల ఫిర్యాదు. రాత్రి గేటు దగ్గర రిజిస్టరు రాసే గార్డు ఓబులేసు జీతంలో కోత తప్పదంది సెక్యూరిటీ ఏజెన్సీ.

"కదిరి నరసింహసామి సాచ్చిగా ఒక్క బండీ వదల్లేదు సార్," అన్నాడు ఓబులేసు.

పన్నెండు దగ్గర తేదీ మారుతుంది కదా, అక్కడ తేడా వచ్చిందేమో అనుకున్నాడు చంద్రశేఖర్ ముందు. కానీ స్లిప్పులు తేదీని బట్టి కాదు, షిఫ్టును బట్టే కట్టారు. ఇక ఒక్కో స్లిప్పు మీది బండి నంబరు చూసి, రిజిస్టరులో ఆ వరుస వెతికి పెన్సిలుతో టిక్కు పెట్టాడు. 37 స్లిప్పులకీ 37 వరుసలు దొరికాయి. బండ్లన్నీ ఉన్నాయి. తప్పింది కింద వేసిన మొత్తమే.

సోమవారం మొదటి వరుస నంబరు 2318, ఆఖరుది 2354. మార్జిన్లో తీసివేత: 36. మొదటి బండి ఆ తీసివేతలో పోయింది.

మరి గురువారం రెండెందుకు? ఆ రోజు ఓబులేసుకి వీక్లీ ఆఫ్. రిలీవర్లు ఇద్దరు, రెండు గంటలకి మారతారు, ఎవరి లెక్క వాళ్లు కడతారు. 2611 నుంచి 2629కి 18, 2630 నుంచి 2646కి 16, మొత్తం 34. అసలు బండ్లు 19, 17 కలిపి 36. ముక్కకి ఒకటి చొప్పున పోయింది.

ఈ తీసివేత ఎప్పుడు మొదలైందో చూద్దామని పేజీలు వెనక్కి తిప్పాడు. ఉగాదికి ముందు మొత్తాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అప్పట్లో ఓబులేసు వరుసల మీద వేలు పెట్టి లెక్కపెట్టేవాడు. ఆ తర్వాతి పేజీలో మొదటి తీసివేత. అంకెలు ఓబులేసువి కావు. ఏడు అంకెకి నడుమ అడ్డగీత.

చంద్రశేఖర్ తన ఏడుకే అలా గీత పెడతాడు.

"ఇది నేను చెప్పిన పద్ధతే కదన్నా?"

"వాన పడతా ఉండె సార్, బస్సుకి టైమాయె. ఆఖర్దాంట్లోంచి మొదట్ది తీసేయన్నా, బిరీన అయిపోతాది అన్నారు."

"ఇన్ని దినాలూ చెప్పలేదే?"

"మీరు చెప్పిండేది తప్పంటానా సార్?"

చంద్రశేఖర్ ఎర్ర పెన్ను తీశాడు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన 37 వేసి, సంతకం, తేదీ పెట్టాడు. రిజిస్టరు అట్ట లోపల రాశాడు: 'ఆఖరి నంబరులోంచి మన ముందు షిఫ్టు ఆఖరి నంబరు తీసేయాలి. 2354లోంచి 2317. వచ్చినది స్లిప్పులతో సరిచూడాలి.'

తర్వాత తెల్ల కాగితం తీసుకుని స్టోర్సుకీ ఏజెన్సీకీ కలిపి ఒకే ఉత్తరం మొదలుపెట్టాడు. మొదటి వాక్యంలోనే ఆ పద్ధతి నేర్పింది తనేనని రాశాడు.

బయట లారీ హారను కొట్టింది. ఓబులేసు టార్చి తీసుకుని లేచాడు.