ఒత్తు

నరసింహం శుభలేఖ చేతిలోకి తీసుకున్నది తప్పులు వెతకడానికి కాదు. రేపు ముహూర్తం ఎన్నింటికో చూసి అలారం పెట్టుకుందామని, అంతే. 9 గంటల 42 నిమిషాలు. ఆరింటికి లేస్తే చాలు అనుకుంటూనే అలవాటుగా కళ్లు పైకి జరిగాయి. మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఏ కాగితం చేతికొచ్చినా ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, ఆ తర్వాత తేదీ చూస్తాడు.

పేరు దగ్గర చూపు ఆగిపోయింది.

బార్గవి.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. బంగారు రంగు అక్షరాలు, చుట్టూ లతలు. 'బా' కింద అగ్గిపుల్ల గీసినంత గీత ఉండాలి. లేదు. కార్డుని లైటు కిందికి పట్టుకుని అటూ ఇటూ వంచాడు, రంగు అంటక కనిపించడం లేదేమోనని. అక్కడ నున్నటి కాగితం తప్ప ఇంకేం లేదు.

"సరళా, ఇదోసారి చదువు."

ఆవిడ చదివింది. "భార్గవి వెడ్స్ చైతన్య. బానే ఉందిగా?"

"భార్గవి అని ఉందా అక్కడ?"

"మరి? కోటయ్య కూతురి పేరు భార్గవే కదండీ."

అదీ సంగతి. అందరికీ పిల్ల పేరు తెలుసు కాబట్టి కార్డు మీద ఏముందో ఎవరూ చదవలేదు. నెల రోజులుగా మూడు వందల ఇళ్లలో ఈ కార్డు ఉంది. ఒక్కరు చూడలేదు. తనూ చూడలేదు. అతన్ని ఎక్కువగా గుచ్చింది అదే.

కోటయ్య వాళ్ల ఆఫీసులో అటెండరు. కార్డు మేటరు రాసిపెట్టమని మూడు రోజులు వెంటపడ్డాడు. "మీ చేత్తో రాస్తే తప్పుండదు సార్" అన్నాడు. నరసింహం కూడా అదే నమ్మకంతో ఒక మధ్యాహ్నం తెల్లకాగితం మీద రాసిచ్చాడు. టైప్ చేసినవాడు తినేశాడన్నమాట ఒత్తుని. ఈ కుర్రాళ్లకు బ, భ తేడా ఎవరు నేర్పారు గనక!

తిట్టుకుంటూనే ఫోను తీశాడు. ఆ రాసిన కాగితాన్ని ఎందుకైనా మంచిదని అప్పుడే ఫొటో తీసి పెట్టుకున్నాడు. అతను అన్నిటికీ కాపీ ఉంచుకునే మనిషి. ఫొటో తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేశాడు.

తన చేతిరాతే. గుండ్రంగా, ఒద్దికగా. బార్గవి. ఒత్తు లేదు.

ఆ రోజు రాస్తుంటే కౌంటరు దగ్గర ఎవరో పిలిచారు. లేచి వెళ్లొచ్చి మిగతాది రాశాడు. ఆ గీత ఆ మధ్యలో ఎక్కడో పడిపోయింది. టైప్ చేసినవాడు పాపం ఉన్నది ఉన్నట్టు కొట్టాడు.

కిందటి వేసవిలో వచ్చిన ముసలాయన గుర్తొచ్చాడు. భార్య మరణ ధ్రువపత్రం కోసం వచ్చాడు. ఒక కాగితంలో ధనలక్ష్మి, ఇంకోదాంట్లో దనలక్ష్మి. "ఒత్తే కదా బాబూ" అన్నాడాయన. "ఒత్తు పోతే మనిషే మారిపోతుంది పెద్దాయనా, అఫిడవిట్ తెండి" అన్నాడు తను. ఆయన మూడుసార్లు తిరిగాడు. రూలు రూలే, అందులో తప్పేం లేదు. కానీ ఆ మాట అన్నప్పుడు తన గొంతులో కాస్త సంబరం ఉంది, అదిప్పుడు వినబడుతోంది.

టైము పదిన్నర. నరసింహం చొక్కా తొడుక్కున్నాడు.

"ఇప్పుడెక్కడికి?"

"కల్యాణ మండపానికి."

"మీకేమన్నా పిచ్చా? పంచిపెట్టిన కార్డులు వెనక్కి తెస్తారా ఏంటి?"

కార్డుల గురించి కాదతని టెన్షన్. స్టేజి వెనకాల పేర్లు పెట్టేవాడు కార్డు చూసే కదా కోసుకొస్తాడు!

అనుకున్నట్టే అయింది. మండపంలో సగం లైట్లు తీసేశారు. ఇద్దరు కుర్రాళ్లు కుర్చీలు సర్దుతున్నారు. స్టేజి మీద ఎర్ర తెర, దాని మీద మూరెడేసి తెల్లటి థర్మోకోల్ అక్షరాలు. కార్డులో చిన్నగా ఉన్న తప్పు ఇక్కడ గుమ్మంలోంచే కనబడుతోంది.

కోటయ్య పరిగెత్తుకొచ్చాడు. "సార్! ఈ టైంలో వచ్చారేంటి? అంతా బానే ఉంది కదా?"

నరసింహం జవాబు చెప్పకుండా ఫోనులో ఫొటో చూపించాడు. "తప్పు నాదే కోటయ్యా."

కోటయ్య ఫోను వంక చూశాడు, తెర వంక చూశాడు, మళ్లీ ఫోను వంక చూశాడు. "ఏది సార్ తప్పు?"

చెప్పాక పెద్దగా నవ్వాడు. "దీనికా ఇంత దూరం వచ్చారు? మా ఆవిడ ఎప్పుడూ బార్గవీ అనే పిలుస్తుంది."

"పిలిస్తే పిలవనీ. రాసేది అలా కాదు. థర్మోకోల్ ముక్క ఏదన్నా ఉందా?"

అక్షరాలు కోయగా మిగిలిన చెత్త స్టేజి కింద గోనెసంచిలో ఉంది. నరసింహం అందులోంచి ఒక ముక్క ఏరి, బ్లేడుతో గీత కోయబోయాడు. మొదటిది విరిగిపోయింది. రెండోది మరీ లావైంది, అక్షరానికి కాలు వచ్చినట్టుంది. మూడోదాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పైన వెడల్పుగా, కింద సన్నగా వచ్చేలా చెక్కాడు. తెల్లటి పూసలు ప్యాంటుకి అంటుకుని దులిపినా రాలేదు. కోటయ్య నిచ్చెన పట్టుకున్నాడు. నరసింహం నాలుగు మెట్లెక్కి, గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని, ఆ గీతని 'భా' కింద గుచ్చాడు.

"కాస్త ఎడమకి అంకుల్" అని కిందనుంచి వినిపించింది.

పెళ్లికూతురు. చేతులకి గోరింటాకు ఆరుతుంటే వేళ్లు విడదీసి పట్టుకుని నిలబడింది.

"చూశావామ్మా, నీ పేరు..." అంటూ దిగాడు నరసింహం.

"కార్డు వచ్చిన రోజే చూశాను అంకుల్. నాన్న మీరు రాశారని అందరికీ చెప్పుకుంటున్నారు. మళ్లీ ఎందుకులే అని ఊరుకున్నా."

నరసింహం ఏం మాట్లాడలేదు. పళ్ల మధ్య ఇంకో గుండుసూది ఉండిపోయింది, అది తీసి జేబుకి గుచ్చుకున్నాడు.

కోటయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. "అవును సార్, రేపు మ్యారేజి రిజిస్ట్రేషన్‌కి అప్లికేషన్‌తో పాటు కార్డు పెట్టాలి కదా. దీన్ని పట్టుకుని వెనక్కి పంపరు కదా?"

"ఒక కార్డు ఇటివ్వు."

పెన్ను తీశాడు. ఆ గీత గీసేస్తే పోతుంది. కానీ చెయ్యి రాలేదు. రిజిస్టర్లో తప్పు పడితే ఉన్న అక్షరాన్ని ముట్టుకోకూడదు. పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, సంతకం చేసి, దిద్దిన తేదీ వెయ్యాలి. 1969 నాటి జనన మరణాల చట్టంలో 15వ సెక్షన్. దానికీ శుభలేఖకీ సంబంధం లేదని అతనికి తెలియక కాదు. లతల పక్కన ఖాళీ చూసి, పొందికగా రాశాడు: 'బార్గవి అని ఉన్నచోట భార్గవి అని చదువుకోవాలి.'

దాని కింద సంతకానికి చోటు వదిలాడు. ఆఫీసులో రాసేది తనే గానీ, సంతకం రిజిస్ట్రారుది.

"మరి సంతకం ఎవరిది సార్?" అన్నాడు కోటయ్య.

నరసింహం పెన్ను పెళ్లికూతురికి అందించాడు. గోరింటాకు చెదరకుండా రెండు వేళ్లతో పట్టుకుని, ఆ పిల్ల ఇంగ్లీషులో గిలికేసింది.

నరసింహం ఆ సంతకం వైపు కాసేపు చూశాడు.

"కింద తేదీ కూడా వెయ్యమ్మా" అన్నాడు.