స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్: నర్సింగ్ ఎడ్యుకేషన్ మాస్టర్స్ కోర్సు ప్రవేశానికి

ఎంపిక కమిటీ వారికి,

నేను 2018 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో, ప్రసూతి విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. లేబర్ రూమ్, ప్రసవానంతర వార్డు, ప్రమాదంలో ఉన్న గర్భిణులను ఉంచే నాలుగు పడకల గది మా విభాగం కిందికి వస్తాయి. జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు క్లినికల్ పోస్టింగ్‌కు ఇక్కడికే వస్తారు. ట్యూటర్ ఒక పూట ఉంటే, మిగతా షిఫ్టుల్లో వాళ్లకు పని చూపించి చేయించాల్సింది డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సే. బీఎస్సీలో చదివిన ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పేపరు మాకు లెసన్ ప్లాన్ రాయడం, చార్టులు తయారు చేయడం దాకానే నేర్పింది. మంచం పక్కన నిలబడి, పేషెంటుకు హాని కలగకుండా, విద్యార్థి చేతికి పని అప్పగించడం ఎలాగో అందులో లేదు. ఈ కోర్సులో చదవాలనుకుంటున్నది అదే: వార్డులో నైపుణ్యాన్ని నేర్పడం, అది నిజంగా వచ్చిందో లేదో కొలవడం.

ఇబ్బంది ఎక్కడుందో చెప్పడానికి మెగ్నీషియం సల్ఫేట్ మంచి ఉదాహరణ. గర్భిణులకు రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛ, అంటే ఎక్లాంప్సియాకు ఇచ్చే లోడింగ్ డోసు 14 గ్రాములు. అందులో 4 గ్రాములు నరానికి, 20 శాతం ద్రావణంగా. 10 గ్రాములు కండరానికి, 50 శాతం ద్రావణంగా, ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున. మా దగ్గర దొరికే ఆంపూల్ 2 ఎంఎల్, 50 శాతం, అంటే ఆంపూల్‌కు 1 గ్రాము. నరానికిచ్చేది తయారు చేయాలంటే 20 ఎంఎల్ సిరంజిలోకి నాలుగు ఆంపూల్స్, అంటే 8 ఎంఎల్, తీసుకుని దానికి 12 ఎంఎల్ నార్మల్ సెలైన్ కలపాలి. దాన్ని కనీసం 5 నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. ఈ అంకెలు పరీక్షలో అడిగితే విద్యార్థులు తడుముకోకుండా రాస్తారు. ట్రే ముందు నిలబెడితే మాత్రం 20 ఎంఎల్‌కూ 20 శాతానికీ తేడా చెరిగిపోతుంది. సిరంజిలో 20 ఎంఎల్ నిండితే చాలు, 20 శాతం అయిపోయిందనుకుంటారు. కొందరు పది ఆంపూల్స్ పగలగొట్టేస్తారు. అప్పుడు సిరంజిలో ఉన్నది 50 శాతం ద్రావణం, 10 గ్రాముల మందు. దాన్ని నరంలోకి తోస్తే శ్వాస ఆగవచ్చు.

తర్వాతి డోసుకు ముందు చూడాల్సిన మూడింటి సంగతీ ఇంతే. మోకాలి రిఫ్లెక్స్ ఉండాలి, శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు కనీసం 30 ఎంఎల్ రావాలి. మూడూ అందరికీ కంఠతా వచ్చు. కారణం చెప్పగలిగేవాళ్లు తక్కువ. రక్తంలో మెగ్నీషియం పెరుగుతున్నప్పుడు ముందు రిఫ్లెక్స్ పోతుంది, శ్వాస మందగించేది ఆ తర్వాత. అందుకే హ్యామర్ దొరకలేదని మోకాలిని వదిలేయకూడదు, అరచేతి అంచుతోనైనా కొట్టి చూడాలి. మందు బయటికి వెళ్లేది మూత్రపిండాల ద్వారా కాబట్టి మూత్రం తగ్గితే అదే డోసు విషంలా పనిచేస్తుంది. ఇది అర్థం కాని విద్యార్థి యూరిన్ బ్యాగ్ చూసి "300 ఉంది సిస్టర్" అంటుంది. ఆ 300 ఎప్పటి నుంచి చేరిందో, గత షిఫ్టులో బ్యాగు ఖాళీ చేశారో లేదో చూడదు. డోసు వేసినప్పుడే బ్యాగు ఖాళీ చేసి, సమయం రాసి, అక్కడి నుంచి లెక్కపెట్టాలని మన చెక్‌లిస్టుల్లో ఎక్కడా ఉండదు. "మూత్ర పరిమాణం పరిశీలించారు" అని ఒక గడి, అందులో ఒక టిక్కు. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 ఎంఎల్ ట్రేలోనే సిద్ధంగా ఉండాలన్నది కూడా ఆ జాబితాలో ఒక గడే. దానికీ చేతులు కడగడానికీ ఒకే మార్కు.

ఈ మార్కుల దగ్గరే నా ప్రశ్న మొదలైంది. ఇరవై అంశాల చెక్‌లిస్టులో ప్రతిదానికీ ఒక్కో మార్కు పెడితే, మందు గాఢత తప్పు కలిపిన విద్యార్థికి కూడా 19 వస్తాయి. ఆ 19 చూసి ఆమెను లేబర్ రూమ్‌కు పంపిస్తాం. ప్రసవం ఎలా సాగుతోందో గంట గంటకూ గుర్తించే గ్రాఫు, పార్టోగ్రాఫ్‌లోనూ ఇలాగే జరుగుతుంది. సింప్లిఫైడ్ పార్టోగ్రాఫ్‌లో గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లకు తెరుచుకున్నాక చేసిన మొదటి పరీక్షను అలర్ట్ లైన్ మీదే గుర్తించాలి. పది గంటలకు 5 సెంటీమీటర్లతో వచ్చిందంటే, ఆ లైను మీద 5 దగ్గర గుర్తు పెట్టి, కింద ఆ గడిలో పది అని రాయాలి. చాలామంది విద్యార్థులు గ్రాఫు మొదటి నిలువు గీత దగ్గర మొదలుపెడతారు. గుర్తు లైనుకు ఎడమ పక్కన పడుతుంది కాబట్టి ప్రసవం ఆగిపోయినా గ్రాఫు మీద కొంతసేపు అంతా సవ్యంగానే కనబడుతుంది. ఇంకా పెద్ద జబ్బు, ప్రసవం అయ్యాక కూర్చుని గ్రాఫు నింపడం. అలా నింపిన గ్రాఫులో గీత అలర్ట్ లైను పక్కనే చక్కగా పైకి వెళ్తుంది. బిడ్డ గుండె కొట్టుకోవడం ప్రతి అరగంటకూ 140 అనే ఉంటుంది. లాగ్‌బుక్‌లో సంతకం పడిపోతుంది. నేర్చుకున్నది పార్టోగ్రాఫ్ వాడకమా, కాగితం నింపడమా అని ఎవరూ అడగరు. మా సీనియర్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. రాత్రి డ్యూటీలో ఇద్దరు నర్సులు, నొప్పులతో ఐదుగురు ఉన్నచోట ఏది ముందు ఆగిపోతుందో ఈ పని చేసినవాళ్లకు తెలుసు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ సిలబస్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చాక సిమ్యులేషన్, లాగ్‌బుక్, నైపుణ్యాలను చేయించి చూసే ఓస్కీ పరీక్ష ఇవన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఓస్కీని 1975లోనే రోనాల్డ్ హార్డెన్ ప్రతిపాదించారు. జార్జ్ మిల్లర్ 1990లో తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపడం, నిజంగా చేయడం అని నాలుగు మెట్లు గీశారు. ల్యాబ్‌లో మేనికిన్ మీద చేసిన ఓస్కీ కొలిచేది మూడో మెట్టునే. నాలుగోది వార్డులోనే కనబడుతుంది. అక్కడ చూసేది స్టాఫ్ నర్సు. కానీ చూసింది రాయడానికి ఆమె దగ్గర సాధనమేమీ లేదు, అభిప్రాయం తప్ప. "బాగా చేసింది", "ఇంకా భయపడుతోంది" లాంటి మాటల మీద పోస్టింగ్ మార్కులు వేసేస్తున్నాం.

ఉన్నంతలో వార్డులో కొన్ని మార్పులు చేసుకున్నాం. మెగ్నీషియం ట్రేకు రెండు రంగుల సిరంజి లేబుళ్లు పెట్టాం. నరానికిచ్చేదానికి ఎరుపు, కండరానికిచ్చేదానికి నీలం. గడువు తీరిన ఆంపూల్స్‌తో, సెలైన్‌తో విద్యార్థి ట్రే సిద్ధం చేసి, ఎందుకలా కలిపిందో పైకి చెబుతుంది. చెప్పించకుండా చేయిస్తే చేతి అలవాటు కనబడుతుంది కానీ ఆలోచన కనబడదు. తప్పు జరిగితే పేషెంటు ముందు సరిదిద్దేది ప్రమాదం ఉన్నదాన్ని మాత్రమే, అదీ చెయ్యి పట్టుకుని ఆపి. మిగతావన్నీ డ్రెస్సింగ్ రూములో, షిఫ్టు మారేలోపు పది నిమిషాలు కూర్చుని. అందరి ముందూ గద్దిస్తే విద్యార్థి మర్నాడు ఆ పనికి ముందుకు రాదు, వెనక వరుసలో నిలబడి నోట్సు రాసుకుంటుంది. ఇవి అనుభవంతో కుదుర్చుకున్న పద్ధతులు. వీటిలో ఏది పనిచేస్తోందో, ఏది మా ముచ్చటో తేల్చే చదువు నాకు లేదు.

ఇక్కడి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో నర్సింగ్ ఎడ్యుకేషన్ మొదటి సంవత్సరంలో ఒక సబ్జెక్టు. మిగతా బరువులో చాలా భాగం క్లినికల్ స్పెషాలిటీ మీద ఉంటుంది. ప్రసూతి నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేయడం నాకు సులువైన దారి. అయినా మీ కోర్సుకు దరఖాస్తు చేస్తున్నది, బోధన, మూల్యాంకనం రెండూ ఇక్కడ ప్రధాన విషయాలు కావడం వల్ల. మీ పాఠ్యప్రణాళికలో పరీక్షాంశాల తయారీ, సిమ్యులేషన్ తర్వాతి డీబ్రీఫింగ్, ఆసుపత్రిలో చేసే టీచింగ్ ప్రాక్టికమ్ నాకు నేరుగా కావలసినవి. గణాంక శాస్త్రంలో నా పునాది బీఎస్సీ స్థాయిదే. సగటు, ప్రామాణిక విచలనం, కై-స్క్వేర్ దాకా వచ్చు. పరీక్షకుల మధ్య ఏకీభావాన్ని లెక్కించడం, నమూనా పరిమాణం నిర్ణయించడం కోర్సులోనే నేర్చుకోవాలి.

డిసర్టేషన్‌కు నేను ఆలోచిస్తున్న ప్రశ్న ఇది. మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడంలో, పార్టోగ్రాఫ్ నింపడంలో కొన్ని మెట్లను "తప్పితే ఫెయిల్" అని ముందే నిర్ణయించి చెక్‌లిస్టు తయారు చేస్తే, ఒకే విద్యార్థిని చూసిన ఇద్దరు నర్సులు ఒకే నిర్ణయానికి వస్తారా? ఇప్పుడున్న సమాన మార్కుల చెక్‌లిస్టుతో పోలిస్తే ఆ ఏకీభావం పెరుగుతుందా? కీలకమైన మెట్లు ఏవో ఒక్కరే తేల్చకూడదు. ప్రసూతి వైద్యులు, లేబర్ రూమ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్లు, ట్యూటర్లు విడివిడిగా గుర్తించాలి. తేడా వచ్చినవాటిని రెండో విడతలో మళ్లీ అడగాలి. కష్టం ఎక్కడో కూడా తెలుసు. ఒకే హాస్టల్లో ఉండే రెండు బ్యాచ్‌లను రెండు పద్ధతుల్లో పరీక్షిస్తే మొదటి రాత్రికే చెక్‌లిస్టు అందరి ఫోన్లలోకి చేరిపోతుంది. అందుకని విద్యార్థులను పోల్చకుండా, రికార్డు చేసిన ప్రదర్శనలను పరీక్షకులకు చూపించి వాళ్ల నిర్ణయాలను పోల్చడం మేలనుకుంటున్నాను. రికార్డింగులు మేనికిన్ మీదే, పేషెంట్లు ఉండరు. విద్యార్థుల సమ్మతి తీసుకోవాలి, వాళ్ల ఇంటర్నల్ మార్కులకు దీనితో సంబంధం ఉండకూడదు.

చదువయ్యాక కాలేజీలోకి పూర్తిగా మారిపోవాలన్న ఆలోచన లేదు. వార్డుకూ కాలేజీకీ మధ్య పనిచేసే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉండాలని, ముందుగా స్టాఫ్ నర్సులకే బోధనలో చిన్న శిక్షణ తయారు చేయాలని ఉంది. డ్యూటీ వదిలి రానక్కర్లేకుండా, షిఫ్టుకు ఒక అంశం చొప్పున. మొదటి అంశం విద్యార్థికి పని అప్పగించే ముందు అడగాల్సిన ప్రశ్నల మీద ఉంటుంది. పాఠాలు తెలుగులో ఉంటాయి, మందుల పేర్లు, మోతాదులు మాత్రం లేబుల్ మీద ఉన్నట్టే. లెక్కలో తప్పు చేస్తున్నారనుకున్న విద్యార్థుల్లో కొందరికి అడ్డుపడుతున్నది ఆ లెక్కను చెప్పిన ఇంగ్లీషు వాక్యమే.

డిగ్రీ, మార్కుల జాబితాలు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, సర్వీసు ధ్రువపత్రం, వార్డులో వాడుతున్న మెగ్నీషియం ట్రే చెక్‌లిస్టు నకలు దరఖాస్తుతో జతచేశాను. ఇంటర్వ్యూలో ఆ చెక్‌లిస్టు మీద ప్రశ్నలు అడిగితే సంతోషిస్తాను. దాని మూడో పేజీలోని మార్కుల విభజన ఇంకా సరిగ్గా కుదరలేదు.

భవదీయురాలు,
స్టాఫ్ నర్స్, ప్రసూతి విభాగం