నాలుగో కోచింగ్ సెషన్ సారాంశం: మీరు తిరిగి చూసుకోవడానికి

50 నిమిషాల రికార్డింగ్ విని రాసింది ఇది. పేర్లు, సంస్థ, జీతం అంకెలు తీసేశాను. 31వ నిమిషంలో ఇంటి విషయం చెప్పారు. ఈ ప్రశ్నకు అది అక్కర్లేదు కాబట్టి పూర్తిగా వదిలేశాను.

మీరు తెచ్చిన ప్రశ్న: "అప్పగించిన పనిని మళ్లీ నేనే ఎందుకు లాక్కుంటున్నాను?"

వారపు నివేదికను సహోద్యోగికి ఇచ్చారు. గడువు ముందురోజు రాత్రి తెరిచి, మూడు పేజీలూ తిరగరాశారు. మొదట "వాళ్లకు శ్రద్ధ లేదు" అన్నారు (12:40). ఎలా ఉండాలో ముందే చెప్పారా అని అడిగితే, కాసేపు ఆగి, "నా బుర్రలోనే ఉంది, బయటికి చెప్పలేదు" అన్నారు (19:05). రెండూ మీ మాటలే, మార్చలేదు. ఆ మధ్య ఆరు నిమిషాలు మళ్లీ వినండి; గొంతులో వేగం తగ్గడం కాగితం మీద కనపడదు. "భయం వల్లేమో" అన్నది నా ఊహ. మీరు ఒప్పుకోలేదు, కాబట్టి దాన్ని మీ అభిప్రాయంగా రాయలేదు.

మీరు ఎంచుకున్న ప్రయోగం: తర్వాతి నివేదిక మొదలయ్యే ముందు 10 నిమిషాలు కూర్చుని, అందులో తప్పక ఉండాల్సిన మూడు అంశాలు చెప్పడం. సగమయ్యాక ఒక్కసారే చూడటం. తప్పు చూపించడం వరకే, దిద్దడం వాళ్లదే.

ఆలోచించడానికి ఒకటి: ఆ రాత్రి మార్చినవాటిలో నిజంగా తప్పులెన్ని, మీ పద్ధతిలో లేవని మార్చినవెన్ని?

రికార్డింగ్ 14 రోజులు ఉంచి తొలగిస్తాను. ఇందులో ఏ వాక్యం వద్దన్నా చెప్పండి, తీసేస్తాను.